ఇక్కత్ కోటుకు ఏ జేబు? బోన్ పాకెట్ కుట్టే పద్ధతి, మిగతా జేబుల సంగతి

రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన కొయ్యలగూడెం నుంచి మూడు మీటర్ల ఇక్కత్ కాటన్ తెచ్చి నా మిషన్ పక్కన పెట్టారు. ముదురు మెరూన్ రంగు గుడ్డ, దాని మీద తెలుపు, నలుపు డైమండ్లు. బిడ్డ పెండ్లికి నెహ్రూ కోటు కావాలన్నారు. పెండ్లి అయ్యాక బీరువాలో పడేయకుండా మామూలు రోజుల్లో కూడా వేసుకోవాలనేది ఆయన కోరిక.

కొలతలు తీసుకుని, "కింది జేబులు ఎట్ల పెట్టమంటరు సార్?" అని అడిగితే ఆయన నవ్వారు. "జేబుల ఏమున్నది తమ్మీ, జేబు జేబే గద!"

నిజమే, సామాన్లు పెట్టుకోవడానికైతే ఏ జేబైనా ఒకటే. కానీ కోటు చూడగానే అది ఆఫీసుదా, పెండ్లిదా, పొలానికి వేసుకుపోయేదా అని ముందు చెప్పేది కాలరు కాదు, జేబు. అందుకే మాటలతో చెప్పకుండా పాత పేపరు కత్తిరించి ఆయనకే చూపించాను. మీరు కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. కచ్చా కుట్టు వేసిన కోటును మనిషికి తొడిగి, పేపరు జేబులను గుండుసూదులతో పెట్టి, ఆరడుగుల దూరం నుంచి చూడాలి. పది నిమిషాల పని.

పేపరుతో చూస్తే తెలిసేది

మొదట ప్యాచ్ జేబు పెట్టాం. ఆరు అంగుళాల వెడల్పు, ఏడు అంగుళాల పొడవు. ప్యాచ్ అంటే గుడ్డ ముక్కను మడిచి పైన అతికి కుట్టేది. సంచీ మొత్తం బయటే కనిపిస్తుంది, కుట్లూ కనిపిస్తాయి. అందుకే అది బట్టకు పనిచేసే మనిషి వాలకాన్ని, లేదంటే సెలవు రోజు తీరికను ఇస్తుంది. ఒకప్పుడు మన ఆఫీసుల్లో కనిపించిన సఫారీ సూట్లకు నాలుగు ప్యాచ్ జేబులు ఉండేవి గుర్తుందా? ఆ బట్ట తీరంతా ఆ జేబుల్లోనే ఉండేది. హెడ్మాస్టరు గారు అద్దంలో చూసుకుని, "ఇది అంగీ లెక్క కొడుతున్నది" అన్నారు. సరిగ్గా చెప్పారు.

తర్వాత పేపరు సంచీ తీసేసి, అర అంగుళం వెడల్పున్న పట్టీ ఒక్కటే అడ్డంగా పెట్టాను. ఇది బోన్ పాకెట్. గుడ్డను కోసి, ఆ కోతకు పైన ఒక పెదవి, కింద ఒక పెదవి పెట్టి కుడతారు. సంచీ లోపలే ఉండిపోతుంది, బయటికి సన్నని గీత మాత్రమే కనిపిస్తుంది. దీన్ని మించిన నిండుదనం ఏ జేబుకూ లేదు. పాశ్చాత్యుల డిన్నర్ కోట్లకు మూత లేని బోన్ పాకెట్లే పెట్టేది అందుకే. ఇక్కత్‌కు ఇంకో లాభం కూడా ఉంది. డిజైన్ తెగేది ఆ అర అంగుళం మేరకే.

దాని మీద రెండు అంగుళాల మూత, అంటే ఫ్లాప్, పెడితే ఆ మెరూన్ గుడ్డకు నడుము దగ్గర కొంచెం బరువు వచ్చింది. ఫ్లాప్ మొదట దుమ్ము, వాన లోపలికి పోకుండా పెట్టింది. ఇప్పటికీ అది ఉన్న కోటు బయట తిరిగే కోటులా కనిపిస్తుంది. అయితే అడ్డంగా ఒక పట్టీ కనిపిస్తే అక్కడ మనిషి వెడల్పుగా అనిపిస్తాడు. హెడ్మాస్టరు గారు సన్నగా, పొడుగ్గా ఉంటారు కాబట్టి ఆయనకు అది మేలే చేసింది. పొట్ట ఉన్న మనిషికైతే నేను వద్దంటాను.

చివరగా అదే ఫ్లాప్‌ను వెనక వైపు ఒక అంగుళం దించి ఏటవాలుగా పెట్టాను. ఈ స్లాంట్ జేబు ఇంగ్లండులో గుర్రపు స్వారీ కోట్ల నుంచి వచ్చింది. జీను మీద వంగి కూర్చున్నప్పుడు చేయి తేలిగ్గా దూరడానికి అలా పెట్టారు. ఏటవాలు గీత నడుమును సన్నగా చూపిస్తుంది, కోటుకు కొంత హుషారు తెస్తుంది. కానీ ఇక్కత్ డైమండ్లలోనే ఏటవాలు గీతలు ఉన్నాయి. వాటి మధ్య ఇంకో కోణంలో ఇంకో గీత వస్తే కంటికి ఇబ్బంది. ప్లెయిన్ గుడ్డ అయితే నేను స్లాంట్‌కే ఓటు వేసేవాణ్ణి.

చివరికి తేలింది ఏమిటంటే, అడ్డంగా డబుల్ బోన్, అందులోంచి బయటికి వచ్చే ఫ్లాప్. ఈ ఫ్లాప్‌ను లోపలికి తోసేయవచ్చు. పెండ్లి రోజు లోపలికి తోస్తే గీత మాత్రమే ఉంటుంది. మిగతా రోజుల్లో బయటికి తీస్తే మామూలు కోటు.

కోయకముందు

చేనేత గుడ్డను తడపకుండా కత్తెర పెట్టకండి. చల్లటి నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేయాలి. అంతకంటే ముందు తెల్లటి గుడ్డను తడిపి ఒక మూలన గట్టిగా రుద్ది చూడాలి. రంగు అంటితే ఆ గుడ్డను తెల్ల లైనింగ్‌తో కుట్టొద్దు.

కోటు పొడవు 27 అంగుళాలు. జేబు నోరు కింది అంచు నుంచి ఏడు అంగుళాల పైన గుర్తు పెట్టాను. జేబు సంచీ లోతు ఆరు అంగుళాలు ఉన్నా కింది మడతకు తగలదు. నోరు ఎంత వెడల్పు ఉండాలో టేపు చెప్పదు, చేయి చెబుతుంది. బొటనవేలు కలిపి అరచేయి ఎంత వెడల్పుందో చూసి దానికి ఒక అంగుళం కలపాలి. ఆయనకు నాలుగున్నర వచ్చింది, అంటే నోరు ఐదున్నర.

ఇక అసలైన జాగ్రత్త. మిల్లు గుడ్డ కంటే ఈ చేనేత కాటన్‌లో పోగులు తేలిగ్గా జారతాయి. దాన్ని మధ్యలో కోస్తే, కుట్టు వేసిన చోటి నుంచి కూడా పోగులు ఊడివస్తాయి. అందుకని గుడ్డ వెనక, నోరు వచ్చే చోట ఏడున్నర అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు ఉన్న పేస్టింగ్ ముక్కను ఇస్త్రీతో అతికించాలి. పెట్టెను అటూ ఇటూ రుద్దొద్దు. ఒక చోట పది సెకన్లు అదిమి, ఎత్తి, పక్కన పెట్టాలి. చల్లారాక అంచును గోటితో గీరి చూడండి. లేచి వస్తే మళ్లీ అదమాలి.

పెదవుల పట్టీలు ఒక్కో జేబుకు రెండు. ఒక్కొక్కటి ఏడున్నర అంగుళాల పొడవు, సరిగ్గా ఒక అంగుళం వెడల్పు. పొడవు పడుగు వెంబడి రావాలి, పేక వెంబడి కోస్తే కొంచెం సాగుతుంది. ఇక్కత్‌లో నేను ఇంకో పని చేస్తాను. పట్టీలను డైమండ్ల మీది నుంచి కాకుండా అంచు దగ్గరి ప్లెయిన్ మెరూన్ నుంచి కోస్తాను. పావు అంగుళం పెదవిలో సగం తెలుపు, సగం నలుపు పడితే అది డిజైన్‌లా కాకుండా మరకలా కనిపిస్తుంది.

ఫ్లాప్ మాత్రం డైమండ్లతోనే ఉండాలి, కింది గుడ్డతో కలవాలి. దీనికి కొలత పనికిరాదు. ఇక్కత్‌లో నూలును చేత్తో కట్టి, రంగు వేసి, ఆ తర్వాత నేస్తారు. కాబట్టి ఒక డైమండుకూ ఇంకో డైమండుకూ ఒక సూత్, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తేడా వస్తూనే ఉంటుంది. మిగిలిన గుడ్డను కోటు మీద పరిచి, దానికి దగ్గరగా కుదిరే చోటు వెతికి, అక్కడే గుర్తు పెట్టి కోయాలి. ఫ్లాప్ లైనింగ్ పై గుడ్డ కంటే మూడు పక్కలా ఒక సూత్ చిన్నగా ఉండాలి. అప్పుడు అంచు లోపలికి ఒంగుతుంది, లైనింగ్ బయటికి తొంగిచూడదు. కుట్టి తిప్పాక ఫ్లాప్ వెడల్పు నోటితో సమానంగా రావాలి.

కుట్టే వరస

గుడ్డ ముఖం మీద చాక్‌తో ఐదున్నర అంగుళాల గీత గీసి, రెండు కొనల్లో నిలువుగా గుర్తులు పెట్టండి. ఒక అంగుళం పట్టీని పొడవుగా సగానికి మడిచి ఇస్త్రీ చేస్తే అర అంగుళం అవుతుంది. ఒక పట్టీని గీతకు పైన, ఒకటి కింద పెట్టాలి. పచ్చి అంచులు రెండూ గీత దగ్గర ముట్టుకోవాలి, మడత అంచులు బయటి వైపు ఉండాలి. కదలకుండా కచ్చా వేయండి.

ఇప్పుడు ఒక్కో పట్టీకి సరిగ్గా నడిమధ్య, అంటే పావు అంగుళం దగ్గర, కుట్టు వేయాలి. ఈ జేబు లెక్క మొత్తం ఇక్కడే ఉంది. రెండు కుట్ల మధ్య దూరం అర అంగుళం, ఒక్కో పెదవి పావు అంగుళం. రెండు పెదవులు కలిస్తే ఆ దూరం సరిగ్గా నిండుతుంది. కుట్ల మధ్య దూరం ఎక్కువైతే పెదవులు కలవక జేబు నోరు తెరుచుకుంటుంది. తక్కువైతే ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉబ్బుతుంది. మొదటి గుర్తు మీద సూది దించి, చిన్న టాకాతో మూడు కుట్లు వేసి వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోయి, రెండో గుర్తు మీదే ఆపి రివర్స్ వేయాలి. గుర్తు దాటి ఒక్క కుట్టు కూడా పోవద్దు.

ఇక్కడ ఆగి గుడ్డను తిరగేసి చూడండి. వెనక రెండు కుట్లు రైలు పట్టాల్లా కనిపించాలి. ఎక్కడా దగ్గరవకూడదు, రెండూ ఒకే చోట మొదలై ఒకే చోట ఆగాలి. ఒక వరస ఇంకోదాని కంటే రెండు కుట్లు పొడుగ్గా ఉంటే ఆ కొన వంకర పోతుంది. ఇప్పుడైతే విప్పి మళ్లీ కుట్టడానికి ఐదు నిమిషాలు. కోసిన తర్వాత ఏమీ చేయలేం.

కోత వెనక వైపు నుంచి వేయాలి. పట్టీలను పక్కకు తోసి, కోటు గుడ్డను మాత్రమే రెండు కుట్ల మధ్యన కోస్తూ పోండి. కొనకు అర అంగుళం ఉండగా ఆపండి. అక్కడి నుంచి కత్తెర కొనతో రెండు మూలలకూ ఏటవాలుగా కోయాలి. కోసిన చోట చిన్న త్రికోణం మిగులుతుంది. ఈ కోత చివరి కుట్టు దాకా, ఒక్క పోగు మిగిలేంత వరకు పోవాలి. అంతకంటే ముందే ఆగితే తిప్పినప్పుడు మూలన ముడత పడుతుంది. కుట్టు దాటితే ముఖం మీద చిల్లు.

ఆ చిల్లు నేను చూశాను. పని నేర్చుకునే రోజుల్లో, నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర మా ఉస్తాద్ కొట్టులో, ఒక పెండ్లికొడుకు కోటు మూల నా చేతిలో కుట్టు దాటింది. ఉస్తాద్ తిట్టలేదు. నోరు ఒక సూత్ పొడిగించి కుట్టి, రెండో జేబు కూడా విప్పించి దాన్నీ అంతే చేయించారు. ముడత వస్తే మాత్రం భయం లేదు. లోపలికి తిప్పి చూసి, ఇంకో పోగు కోస్తే పోతుంది. అందుకే ముందు తక్కువ కోసి, తిప్పి చూసి, ఆ తర్వాత మళ్లీ కోయమంటాను.

పట్టీలను కోతలోంచి లోపలికి తిప్పండి. పెదవులు తమంతట తామే ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి. రెండింటినీ కలిపి ఏటవాలుగా కచ్చా వేసి ఇస్త్రీ చేయాలి. ఈ కచ్చాను కోటు పూర్తయ్యేదాకా విప్పొద్దు. కొనల్లో ఉన్న త్రికోణాలను లోపలికి మడిచి, కోటు గుడ్డను పక్కకు ఎత్తి, త్రికోణాన్నీ పట్టీల కొనలనూ కలిపి రెండు మూడు సార్లు కుట్టాలి. జేబు బలమంతా ఈ కుట్టులోనే ఉంటుంది.

తర్వాత సంచీ. ముందు ముక్కను కింది పెదవి మిగులుకు కుట్టండి. వెనక ముక్కకు, నోటికి ఎదురుగా వచ్చే చోట, మెరూన్ గుడ్డ ముక్క రెండు అంగుళాలు కుట్టి ఉంచాలి. లేకుంటే చేయి పెట్టినప్పుడల్లా తెల్లటి సంచీ కనిపిస్తుంది. ఫ్లాప్‌ను పై పెదవి వెనక నుంచి దూర్చి, డైమండ్లు కలిసేదాకా పైకీ కిందికీ జరిపి చూసుకుని, పై పెదవి మిగులు, ఫ్లాప్, వెనక సంచీ మూడింటినీ కలిపి లోపలి నుంచి కుట్టు వేయాలి. చివరగా సంచీ చుట్టూ రెండు వరసలు.

ఛాతీ దగ్గరి జేబుకు ఇదంతా అక్కర్లేదు. అక్కడ ఒకటే పట్టీ, నాలుగు అంగుళాల వెడల్పు, ఒక అంగుళం ఎత్తు, చంక వైపు అర అంగుళం పైకి లేచి ఉంటుంది. కుడిచేత్తో తీసుకోవడానికి ఎడమ వైపు పెడతారు. దీనికి డైమండ్లు తప్పకుండా కలవాలి. ముఖం కింద అందరి చూపూ మొదట పడేది అక్కడే.

నోరు తెరుచుకుంటే

ట్రయల్ రోజు కోటు తొడిగి గుండీలు పెట్టాక జేబు నోరు తెరుచుకుంటే రెండు కారణాలు ఉండవచ్చు. గుండీలు విప్పి చూడండి. అప్పుడు మూసుకుంటే తప్పు జేబుది కాదు, కోటు నడుము దగ్గర బిగుతైంది. పక్క కుట్టులో అర అంగుళం వదిలితే సరిపోతుంది. విప్పినా తెరుచుకునే ఉంటే కుట్ల మధ్య దూరం ఎక్కువైనట్టు. పై పెదవి వెనక నుంచి చేతి కుట్టుతో కొంచెం దింపవచ్చు. కానీ అది మందే, వైద్యం కాదు. హెడ్మాస్టరు గారి కోటుకు ఎడమ జేబు కొంచెం నవ్వింది. "జేబు నోరెందుకు తెర్సింది తమ్మీ?" అని అడిగారు. పక్క కుట్టు వదిలితే మూసుకుంది.

మిగిలిన గుడ్డకు ప్యాచ్

కోటు పోగా మిగిలిన గుడ్డతో ఆయన మనవడికి అంగీ కుట్టాను. దానికి ప్యాచ్ జేబే సరి. ప్యాచ్‌కు కోత లేదు, చిల్లు భయం లేదు. అయినా తేలిక అనుకోవద్దు, తప్పంతా బయటే కనిపిస్తుంది. నోటి మడతను ముందు కుట్టి, మిగతా మూడు పక్కల మడతను అట్ట ముక్క మీద పెట్టి ఇస్త్రీ చేస్తే రెండు మూలలూ ఒకేలా వస్తాయి. అంగీ మీద పెట్టి డైమండ్లు కలిశాక అంచు నుంచి ఒక సూత్ లోపల కుట్టు వేయాలి. పై రెండు మూలల్లో చిన్న త్రికోణం కుట్టు తప్పదు. పిల్లవాడు గోలీలు నింపి లాగితే మొదట చిరిగేది అక్కడే. డైమండ్లు రెండు పక్కలా కలవకపోతే గుండీల వైపు కలిపి, చంక వైపు వదిలేయండి. చేయి కిందికి ఉన్నప్పుడు అటు ఎవరూ చూడరు.

ప్యాంటు క్రాస్ పాకెట్

కోటు కింద వేసుకోవడానికి ప్లెయిన్ నల్ల ప్యాంటు కూడా కుట్టాం. క్రాస్ పాకెట్ అడిగారు. నడుము పట్టీ దగ్గర పక్క కుట్టు నుంచి ఒకటిన్నర అంగుళం లోపల మొదలై, ఆరున్నర అంగుళాలు కిందికి వచ్చి పక్క కుట్టును కలిసే ఏటవాలు గీత అది. పక్క కుట్టులోనే ఉండే నిలువు జేబు కంటే ఇది కుర్రతనంగా, తేలిగ్గా కనిపిస్తుంది. చేయి కూడా వెంటనే దూరుతుంది.

దీని జబ్బు ఒకటే. ఏటవాలుగా కోసిన గుడ్డ సాగుతుంది. నాలుగు నెలలు చేయి పెట్టి తీసేసరికి ఆ అంచు చెవిలా బయటికి లేస్తుంది, మోటారు సైకిల్ మీద కూర్చుంటే ఫోన్ జారిపోతుంది. అందుకే అంచును మడవక ముందే, నిలువు పోగున కోసిన అర అంగుళం కాటన్ పట్టీని ఆ గీత వెంబడి కుట్టాలి. పట్టీని గుడ్డ మీద పెట్టి కొలవకండి. పేపరు ప్యాటర్న్ మీద గీతను కొలిచి, అంతకంటే ఒక సూత్ తక్కువ కోసి, గుడ్డను దానికి సరిపోయేలా సర్దుతూ కుట్టండి. కుట్టాక అంచు బల్ల మీద కొంచెం లోపలికి ఒంగినట్టు కనిపిస్తుంది. తొడిగినప్పుడు తొడకు అతుక్కుని ఉంటుంది.